నిఫ్టీ పెరిగింది, నా డబ్బు పోయింది: వీక్లీ ఆప్షన్లు కొనేవాళ్లకు జాగ్రత్త

ఎఫ్ అండ్ ఓలో, అంటే ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్‌లో డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఎక్కువగా చెప్పే మాట "మార్కెట్ నేను అనుకున్నట్టు కదల్లేదు" అని. నా విషయంలో మార్కెట్ నేను అనుకున్నట్టే కదిలింది. అయినా పెట్టింది మొత్తం పోయింది. ఈ పోస్టు అందుకే రాస్తున్నాను. లెక్క సులువుగా అర్థం కావాలని అంకెల్ని కాస్త గుండ్రం చేశాను.

2025 వేసవిలో ఒక శుక్రవారం. నిఫ్టీ 24,800 దగ్గర ఉంది. వచ్చే వారం పెరుగుతుందని నాకు గట్టి నమ్మకం. 25,000 స్ట్రైక్ కాల్, అంటే గడువు రోజు నిఫ్టీ 25,000 దాటితేనే విలువ ఉండే ఆప్షన్, 84 రూపాయలకు దొరుకుతోంది. అప్పట్లో నిఫ్టీ లాట్ అంటే 75 యూనిట్లు, వీక్లీ ఎక్స్‌పైరీ, అంటే గడువు ముగిసే రోజు, గురువారం. మూడు లాట్లు, అంటే 225 యూనిట్లు తీసుకుంటే 18,900 రూపాయలైంది. "పోతే ఇంతే కదా, వస్తే మాత్రం మూడింతలు" అనుకున్నాను.

సోమవారం నిఫ్టీ 60 పాయింట్లు పెరిగి 24,860కి వచ్చింది. సంబరంగా యాప్ తెరిచి చూస్తే నా కాల్ ధర 60. మార్కెట్ పెరిగితే నా కాల్ 24 రూపాయలు తగ్గడమేంటి? యాప్‌లో ఏదో తేడా ఉందనుకున్నాను. మా బావకి ఫోన్ చేస్తే "తగ్గింది కదా, ఇంకో మూడు లాట్లు వేసి యావరేజ్ చెయ్యి" అన్నాడు. చేశాను. ఇంకో 13,500.

బుధవారం నిఫ్టీ 24,920కి చేరింది, కాల్ 35కి దిగింది. గురువారం మధ్యాహ్నం ఆఫీసులో టేబుల్ కింద ఫోన్ పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. సూచీ 24,950 దాటింది. కాల్ మాత్రం పది, ఆరు, రెండు అంటూ దిగుతూ వచ్చి మూడున్నరకి 0.05 దగ్గర ఆగింది. నిఫ్టీ ముగిసింది 24,960 దగ్గర. నాలుగు రోజుల్లో 160 పాయింట్లు పెరిగింది. నా 32,400 సున్నా.

ఎందుకో తర్వాత కూర్చుని లెక్క వేసుకున్నాను. ఎక్స్‌పైరీ రోజు నిఫ్టీ 25,000 దాటితేనే ఆ కాల్‌కి విలువ. నేను 84 కట్టాను కాబట్టి మొదటి మూడు లాట్ల మీద లాభం చూడాలంటే 25,084 దాటాలి. అంటే నాలుగు ట్రేడింగ్ రోజుల్లో 284 పాయింట్లు, దాదాపు 1.15 శాతం పెరగాలి. "పెరుగుతుంది" అన్న నా అంచనా సరిపోదు. ఎంత పెరుగుతుంది, ఏ రోజులోగా పెరుగుతుంది అన్న రెండూ కుదరాలి. ఒకటి కుదిరి రెండోది తప్పినా ఫలితం సున్నానే.

నేను కట్టిన 84లో అసలు విలువ ఒక్క రూపాయి కూడా లేదు. అదంతా "ఇంకా ఆరు రోజులున్నాయి, ఏమైనా జరగొచ్చు" అన్న ఆశకి కట్టిన ధర. దీన్నే టైమ్ వాల్యూ అంటారు. అది రోజూ కరుగుతుంది, శని ఆదివారాల్లో మార్కెట్ మూసి ఉన్నా సరే. చివరి రెండు రోజుల్లో మరీ వేగంగా కరుగుతుంది. సోమవారం నా కాల్ తగ్గడానికి కారణం అదే. యాప్‌లో తేడా ఏమీ లేదు. దీనికి తోడు బడ్జెట్, ఎన్నికల ఫలితాల్లాంటి వాటి ముందు అందరికీ టెన్షన్ ఉండి ప్రీమియం, అంటే ఆప్షన్ ధర, ఉబ్బుతుంది. ఫలితం బయటికి రాగానే ఆ ఉబ్బు ఒక్కసారిగా దిగిపోతుంది. అలాంటి రోజు కాల్, మార్కెట్ పడితే విలువ పెరిగే పుట్ రెండూ కొని రెండింట్లోనూ నష్టపోయినవాళ్లు ఉన్నారు.

యావరేజ్ సలహా షేర్లకి ఒక్కోసారి పనికొస్తుందేమో, గడువున్న ఆప్షన్‌కి మాత్రం కరుగుతున్న ఐసు మళ్లీ కొనడమే.

నాదొక్కడి గోల కాదిది. సెబీ 2024 సెప్టెంబరులో విడుదల చేసిన అధ్యయనం ప్రకారం, 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఈక్విటీ ఎఫ్ అండ్ ఓ చేసిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటింది. ఖర్చులు పోను లక్ష రూపాయలకు మించి మిగుల్చుకున్నవాళ్లు 1 శాతమే. అదే సమయంలో లాభపడినవి సొంత డబ్బుతో ట్రేడ్ చేసే పెద్ద ప్రొప్రైటరీ డెస్కులు, విదేశీ ఫండ్లు. వాళ్ల లాభంలో అధిక భాగం ఆల్గోల నుంచే, అంటే వాటంతటవే ట్రేడ్ చేసే కంప్యూటర్ ప్రోగ్రాముల నుంచే వచ్చింది. టేబుల్ కింద ఫోన్ పెట్టుకున్న మనం ఎదురు నిలబడింది వాటికి.

ఇంకో చిల్లు చార్జీలు. ఆర్డరుకి 20 రూపాయల బ్రోకరేజీ చూస్తే చిన్నదే. రోజుకి పది సార్లు కొని అమ్మితే 20 ఆర్డర్లు, 18 శాతం జీఎస్టీతో 472 రూపాయలు. నెలకి 20 రోజులు వేసుకుంటే 9,440. యాభై వేల పెట్టుబడితో ఆడేవాడు ఎస్‌టీటీ, ఎక్స్ఛేంజి చార్జీలు కలపకుండానే నెలకి దాదాపు 19 శాతం సంపాదిస్తే గానీ మొదలుపెట్టిన చోటే నిలబడడు.

కొనడం మానేసి అమ్మితే సరి, కరిగే ప్రీమియం మనకే వస్తుంది అని ఎవరైనా చెబితే ఒక్క క్షణం ఆగండి. అమ్మితే చాలా రోజులు చిన్న చిన్న లాభాలు వస్తాయి, నిజమే. మార్కెట్ పెద్ద గ్యాప్‌తో తెరుచుకున్న ఒక్క ఉదయం అవన్నీ పోగా అప్పు మిగులుతుంది. కాల్ అమ్మినవాడి నష్టానికి హద్దు లేదు. డబ్బు కట్టించుకుని టిప్స్ ఇచ్చే టెలిగ్రామ్ గ్రూపుల గురించి ఒక్క మాటే: సెబీ దగ్గర నమోదైన రీసెర్చ్ అనలిస్టుకి INH తో మొదలయ్యే నంబరు ఉంటుంది, సెబీ సైట్లో వెతికితే దొరకాలి. నంబరు నిజమైనదైనా లాభం వస్తుందన్న హామీ మాత్రం ఎవరూ ఇవ్వకూడదు.

మరి మార్కెట్ పెరుగుతుందన్న నమ్మకం ఉన్నవాడు ఏం చేయాలి? గడువు లేని చోట పెట్టాలి. అదే 32,400 ఆ శుక్రవారం నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్‌లో వేసి ఉంటే గురువారానికి సుమారు 209 రూపాయలు వచ్చేవి. నవ్వొస్తుంది కదా, నాకూ వచ్చింది. కానీ నా 32,400 అలాగే ఉండేది. పైగా అంచనా నెల ఆలస్యంగా నిజమైనా ఫండ్ ఊరుకుంటుంది, కాల్ ఊరుకోదు. ఇండెక్స్ ఫండ్ పడదని కాదు. 2020 జనవరిలో 12,400 దగ్గరున్న నిఫ్టీ మార్చి 23న 7,610 దగ్గర ముగిసింది. అయితే యూనిట్లు అమ్మకుండా పట్టుకున్నవాళ్లు ఆ ఏడాది చివరికల్లా తేరుకున్నారు. అందుకే అయిదారేళ్లు అవసరం లేని డబ్బే అందులో పెట్టండి. ఏడాదిలో ఫీజుకో పెళ్లికో కావాల్సిన డబ్బుకి ఎఫ్‌డీ గానీ, ఆర్‌బీఐ రిటైల్ డైరెక్ట్‌లో దొరికే ట్రెజరీ బిల్లులు గానీ చాలు. చేతిలో నిజంగా షేర్లు ఉండి, పడిపోతాయన్న భయం ఉంటే పుట్ కొనడంలో తప్పు లేదు. అది ఇన్సూరెన్సు కట్టినట్టు, ఆ ప్రీమియం పోతుందని ముందే తెలిసి కట్టాలి.

ఇప్పటికే పోగొట్టుకుని ఉంటే రిటర్ను మాత్రం మానకండి. ఎఫ్ అండ్ ఓ నష్టం వ్యాపార నష్టం కిందకి వస్తుంది, ఐటీఆర్-3లో చూపించాలి. గడువులోగా వేస్తే ఎనిమిదేళ్ల వరకు వ్యాపార లాభాల్లోంచి తగ్గించుకోవచ్చు. నేను ఆ ఫారం నింపిన రోజే బ్రోకర్ యాప్‌లో ప్రొఫైల్‌లోకి వెళ్లి ఎఫ్ అండ్ ఓ సెగ్మెంట్ ఆపేశాను. మా బావ ఇంకా చేస్తూనే ఉన్నాడు.