యూనిఫామ్ డేటాకి మొమెంట్స్ మంచిదా, లైక్లీహుడ్ మంచిదా: ఏళ్ల తరబడి వాడాక నా రివ్యూ

డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్పడం నా పని. మధ్యలో ఎవరైనా సర్వే డేటా తెచ్చి ఇస్తే చూసిపెడుతుంటాను. ఈ రెండు పద్ధతులనీ చాలా ఏళ్లుగా వాడుతున్నాను. నా తీర్పు ముందే చెప్పేస్తాను: డేటా నిజంగా యూనిఫామ్ అయితే మాక్సిమమ్ లైక్లీహుడ్‌కి చిన్న సవరణ చేసి వాడండి. మెథడ్ ఆఫ్ మొమెంట్స్‌కి బయాస్ లేదన్న ఒక్క కారణంతో దాని వెంట పడొద్దు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక రూటులో సిటీ బస్సు సరిగ్గా θ నిమిషాలకొకటి వస్తుంది, ఆ θ ఎంతో మనకు తెలియదు. టైము చూసుకోకుండా స్టాపుకి వచ్చే ప్రయాణికుడు ఎదురుచూసే సమయం 0 నుంచి θ వరకు ఎంతైనా కావచ్చు, అన్నిటికీ సమాన అవకాశమే. ఐదుగురిని అడిగితే 3, 1, 14, 2, 5 నిమిషాలు అని చెప్పారు అనుకోండి.

మొమెంట్స్ పద్ధతి చాలా సుళువు. యూనిఫామ్‌కి సగటు θ/2 కాబట్టి, శాంపిల్ సగటుని రెట్టింపు చేస్తే అదే అంచనా. మన ఐదుగురి మొత్తం 25, సగటు 5, అంచనా 10 నిమిషాలు. కానీ ఒకాయన 14 నిమిషాలు నిలబడ్డాడు! పది నిమిషాలకొక బస్సు వచ్చే చోట 14 నిమిషాలు ఎదురుచూడటం కుదరని పని. అంటే మన డేటాయే కాదంటున్న జవాబుని ఈ పద్ధతి మన చేతిలో పెట్టింది.

ఇది ఎప్పుడో ఒకసారి జరిగే విడ్డూరం అనుకుంటే పొరపాటు. ముగ్గురిని అడిగినప్పుడు ఇలా జరిగే అవకాశం ఎనిమిదింట ఒకటి. ఐదుగురైతే దాదాపు ఐదింట ఒకటి. పదిమందైతే నూటికి 28 దాకా వెళ్తుంది. శాంపిల్ పెంచేకొద్దీ అది సగానికి దగ్గరవుతుంది తప్ప తగ్గదు. సగటు రెట్టింపు θ చుట్టూ అటూ ఇటూ ఊగుతుంది, గరిష్ఠం మాత్రం θకి అంతకంటే చాలా వేగంగా చేరువవుతుంది. కాబట్టి సగటు రెట్టింపు θకి దిగువన పడిందంటే, ఎక్కువసార్లు గరిష్ఠానికీ దిగువనే ఉంటుంది. తప్పు పరిమాణం చిన్నదవుతుంది, నిజమే. కానీ కుదరని జవాబు రావడం మాత్రం ఆగదు.

ఇక లైక్లీహుడ్. ఇక్కడ పిల్లలు ప్రతి ఏడాదీ ఒకేచోట ఇరుక్కుంటారు. లాగ్ తీసుకుని −n log θ అని రాస్తారు, డెరివేటివ్ −n/θ వస్తుంది, దాన్ని సున్నాకి సమానం చేస్తారు. పరిష్కారం దొరకదు. టెన్షన్ పడి ‘అంచనా లేదు’ అని రాసి పేజీ తిప్పేస్తారు. డెరివేటివ్ జోలికి పోకుండా లైక్లీహుడ్ బొమ్మ గీస్తే విషయం కళ్లముందే ఉంటుంది. θ 14 కంటే తక్కువైతే లైక్లీహుడ్ సున్నా, ఎందుకంటే 14 అనే విలువ రావడమే అసాధ్యం. θ 14 దగ్గర అది ఒక్కసారిగా పైకి లేచి, అక్కడినుంచి 1/θ⁵గా జారుతూ పోతుంది. శిఖరం అంచున ఉంది, అంటే అంచనా 14, శాంపిల్‌లోని గరిష్ఠం. పరీక్షలో ‘θ ≥ గరిష్ఠం’ అన్న షరతు రాయని జవాబుకి నేనైతే మార్కులు తగ్గిస్తాను.

ఈ అంచనాకి బయాస్ ఉందని లెక్క వేయకుండానే చెప్పొచ్చు: గరిష్ఠం ఎప్పుడూ θని దాటదు, కాబట్టి సగటున తక్కువే. ఎంత తక్కువ? n విలువలు 0 నుంచి θ వరకున్న గీతని n+1 ముక్కలు చేస్తాయి, సగటున ఆ ముక్కలన్నీ సమానం. గరిష్ఠం తర్వాత మిగిలేది ఒక ముక్క. కాబట్టి దాని సగటు nθ/(n+1), లోటు θ/(n+1). ఆ లోటు పూడ్చాలంటే గరిష్ఠాన్ని (n+1)/n తో గుణిస్తే సరి. మన డేటాకి 14 × 6/5 = 16.8 నిమిషాలు.

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ ట్యాంకుల ఉత్పత్తిని అంచనా వేసింది ఈ ఆలోచనతోనే. పట్టుబడిన ట్యాంకుల సీరియల్ నంబర్లలో పెద్దదాన్ని తీసుకుని కాస్త పైకి జరిపారు. 1942 ఆగస్టుకి గణాంక అంచనా 327, గూఢచారుల లెక్క 1550. యుద్ధం ముగిశాక జర్మన్ రికార్డుల్లో తేలింది 342.

బయాస్ ఒక్కటే చూస్తే మొమెంట్స్‌కీ సవరించిన గరిష్ఠానికీ తేడా కనపడదు, రెండింటికీ సున్నాయే. అందుకే నేను సిమ్యులేషన్‌లో మూడు అంకెలు అచ్చు వేయిస్తాను: బయాస్, ఆ బయాస్ అంచనాకున్న స్టాండర్డ్ ఎర్రర్, వర్గ దోషాల సగటు.

```
import numpy as np
rng = np.random.default_rng(7)
x = rng.uniform(0, 15, size=(10000, 5))
m = x.max(axis=1)
for e in (2*x.mean(axis=1), m, 1.2*m):
    print(e.mean()-15, e.std()/100, ((e-15)**2).mean())
```

θ 15 అనుకుంటే, సిద్ధాంతం ప్రకారం బయాస్‌లు వరుసగా 0, −2.5, 0. వర్గ దోషాల సగటు 15, 10.7, 6.4. చూశారా, బయాస్ ఉన్న గరిష్ఠం కూడా బయాస్ లేని మొమెంట్స్ కంటే మేలు! n ఒకటి లేదా రెండు అయితే ఆ రెండూ సరిసమానం. మూడు నుంచి గరిష్ఠానిదే పైచేయి.

మధ్య అంకెని వదిలేయకండి. పదివేలసార్లు నడిపితే మొమెంట్స్‌కి అది 0.04 దగ్గర ఉంటుంది. కొందరు వందసార్లు మాత్రమే నడిపి, సగటు 15.4 రాగానే ‘సార్, దీనికి బయాస్ ఉంది’ అంటారు. వందసార్లకి స్టాండర్డ్ ఎర్రరే 0.39, కాబట్టి 0.4 తేడా ఏమీ చెప్పదు. −2.5 లాంటిది వస్తే మాత్రం వంద పరుగుల్లోనూ దాక్కోలేదు. వచ్చిన బయాస్‌ని దాని స్టాండర్డ్ ఎర్రర్‌తో భాగించి చూడటం నాకు అలవాటు. మూడు దాటితే అప్పుడు కోడ్ తప్పా, సూత్రం తప్పా అని వెతుకుతాను.

గరిష్ఠంతో తలనొప్పి డేటా ఎంట్రీలో వస్తుంది. ఎవరో 14 బదులు 41 కొడితే అంచనా మొత్తం ఆ ఒక్క అంకె మీదే నిలబడుతుంది. మొమెంట్స్‌కీ దెబ్బ తగులుతుంది కానీ తక్కువ: మన ఐదుగురిలో గరిష్ఠం 27 పెరిగితే మొమెంట్స్ అంచనా 10.8 పెరుగుతుంది. అందుకే పెద్ద విలువలు రెండుమూడింటిని అసలు ఫారాల్లో వెతికి సరిచూసుకున్నాకే గరిష్ఠాన్ని ముట్టుకుంటాను.

అసలు చిక్కు ఇంకోటుంది. మన రోడ్ల మీద బస్సులు సమాన అంతరాల్లో రావు. అరగంట ఏదీ రాదు, ఆపైన రెండు ఒకేసారి వస్తాయి. అప్పుడు ఎదురుచూపు యూనిఫామ్ కాదు. గరిష్ఠం చెప్పేది అత్యంత పొడవైన విరామం గురించి. సగటు రెట్టింపు కూడా సగటు విరామాన్ని చెప్పదు, దానికంటే ఎక్కువ చూపిస్తుంది, ఎందుకంటే పొడవైన విరామంలోనే ఎక్కువమంది స్టాపుకి చేరుకుంటారు. బయాస్ లేదని పైన రుజువు చేసిందంతా యూనిఫామ్ అన్న షరతు మీదే. కాబట్టి నా దగ్గరికి ఇలాంటి డేటా వస్తే ముందు విలువలని వరుసలో పెట్టి, సమాన ముక్కలుగా పరుచుకున్నాయా అని చూస్తాను. చిన్న విలువలు గుంపుగా చేరి పైన ఒకటో రెండో విడిగా మిగిలితే ఈ రెండు పద్ధతులనీ పక్కన పెట్టి, డ్రైవర్ల ట్రిప్ షీట్లు దొరుకుతాయేమో అడుగుతాను.