బరలక్ష్మిని వరలక్ష్మిగా మార్చిన ఉత్తరం: ఏడాదికి పైగా వాడాక నా మాట

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉండే మా పిన్ని పేరు వరలక్ష్మి. ఆధార్ కార్డులో VARALAKSHMI అని ఉంది. బ్యాంకు పాసుపుస్తకంలో, ఏటీఎం కార్డు మీద మాత్రం ఆమె BARALAXMI. ఒడియా మాట్లాడేవారి నోట మన 'వ' చాలా చోట్ల 'బ' అవుతుంది, 'య' 'జ' అవుతుంది. విజయ అక్కడ బిజయ, యశోద జశోద. ఖాతా తెరిచిన గుమాస్తా తన చెవికి వినిపించినట్టు టైపు చేశాడు. ఆయన లెక్కలో అది తప్పే కాదు.

తొమ్మిదేళ్ల పాటు ఎవరికీ ఇబ్బంది కలగలేదు. విశాఖ నుంచి కొడుకు పంపే డబ్బు ఖాతా సంఖ్యను బట్టి పడిపోయేది, పేరు ఎవరూ చూడలేదు. 2024 సెప్టెంబరులో ఒడిశా ప్రభుత్వం మహిళలకు నగదు సాయం చేసే సుభద్ర పథకం మొదలుపెట్టింది. ఆ డబ్బు ఆధార్‌తో ముడిపడిన ఖాతాకే వస్తుంది. పిన్ని ఖాతాను ఆధార్‌తో కలపబోతే పేర్లు సరిపోలలేదు. అప్పుడు రాసిన ఫిర్యాదు ఉత్తరాన్నే నేటికీ వాడుతున్నాను. పిన్నితో కలిపి ఇప్పటికి ఏడుగురికి రాసిపెట్టాను. దాని గుణదోషాలు చెప్పగలిగేంత అనుభవం వచ్చింది.

మొదటి ఉత్తరం ఘోరంగా విఫలమైంది. 'పేరు మార్పు కోసం వినతి' అని విషయం రాశాను. కౌంటరులో ఉన్నాయన అది చదివి, "పేరు మార్పంటే స్టాంపు కాగితం మీద అఫిడవిట్ కావాలి మావుసీ" అని తిప్పి పంపాడు. నిజానికి పిన్ని పేరేమీ మారలేదు. పెళ్లయి ఇంటిపేరు మారినవాళ్లకు, పేరునే మార్చుకున్నవాళ్లకు అడిగే కాగితాలు వేరు, అక్షరం తప్పు పడినవాళ్లకు కావలసినవి వేరు. రెండోసారి విషయం వరుసలో 'ఖాతాదారు పేరులో పడిన అక్షరదోషాన్ని సరిదిద్దడం గురించి' అని రాశాను. అదే కౌంటరు, అదే మనిషి. ఈసారి అఫిడవిట్ ఊసే రాలేదు.

ఉత్తరం ఇంగ్లీషులో రాస్తాను. ఆ శాఖలో తెలుగు చదివేవారు లేరు, నాకు ఒడియా తప్పుల్లేకుండా రాయడం రాదు. అందులో ముఖ్యమైన భాగం తెలుగులో చెప్తే ఇలా ఉంటుంది:

"నా ఖాతా తెరిచే దరఖాస్తులోనూ, దానికి జతచేసిన ఆధార్ నకలులోనూ నా పేరు VARALAKSHMI అనే ఉంది. మీ రికార్డులో BARALAXMI అని నమోదైంది. ఇది నమోదులో జరిగిన పొరపాటు. కాబట్టి నా కస్టమర్ రికార్డులో పేరు సరిచేసి, ఆ తరువాత కొత్త పాసుపుస్తకం, కొత్త డెబిట్ కార్డు రుసుము లేకుండా ఇవ్వవలసిందిగా కోరుతున్నాను."

ఇందులో 'ఆ తరువాత' అన్న మాట కొట్టేయకండి. బ్యాంకు కంప్యూటరులో ప్రతి ఖాతాదారుకూ సీఐఎఫ్ సంఖ్య అని ఒకటి ఉంటుంది. మనిషి వివరాలన్నీ దాని కిందే ఉంటాయి, ఖాతాలు దానికి వేలాడుతుంటాయి. అక్కడ పేరు మారకుండా కార్డు కోసం దరఖాస్తు పెడితే కొత్త కార్డు పాత తప్పుతోనే వస్తుంది. మా వీధిలో ఉండే యశోదమ్మగారికి సరిగ్గా అలాగే జరిగింది. తొందరపడి ముందు కార్డు అడిగారు. మూడు వారాలకు మెరిసిపోతున్న కొత్త కార్డు వచ్చింది, దాని మీద మళ్లీ JASODA.

ఇంకో మోసం పెన్ను దిద్దుబాటు. పిన్ని పాసుపుస్తకం మొదటి పేజీలో ఒక అధికారి B కొట్టేసి పైన V రాసి, సంతకం పెట్టి ముద్ర వేసి ఇచ్చాడు. పని అయిపోయిందని ఆమె సంబరపడింది. కంప్యూటరులో మాత్రం బరలక్ష్మి చెక్కుచెదరలేదు. పేరు నిజంగా మారిందో లేదో తెలుసుకోవడానికి ఇప్పుడు సులభమైన దారి ఉంది. 2025 ఏప్రిల్ నుంచి నెఫ్ట్‌లో ఎవరికైనా డబ్బు పంపేముందు ఆ ఖాతాదారు పేరును చూసుకునే సౌకర్యం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు అన్ని బ్యాంకులకూ చెప్పింది. నా ఫోనులో పిన్ని ఖాతా సంఖ్య, ఐఎఫ్ఎస్‌సీ కోడు కొట్టి పేరు చూశాను. రూపాయి పంపకుండానే పెన్ను గుట్టు బయటపడింది. ఆ తెర చిత్రాన్నే అచ్చు వేయించి ఉత్తరానికి జతచేశాను. దాన్ని చూశాక ఇక వాదన జరగలేదు.

కార్డు మీద పేరు ఎలా ఉండాలో ఉత్తరంలో విడిగా, పెద్ద అక్షరాలతో రాయడం తరువాత నేర్చుకున్న పాఠం. కార్డులో పేరుకు 26 అక్షరాలకు మించి చోటు ఉండదు, ఖాళీలు కూడా లెక్కలోకే వస్తాయి. ఇంటిపేరు ముందు పెట్టి, దేవుడి పేరు, తాతగారి పేరు కలిపి రాసే మన పేర్లు అందులో ఇమడవు. మనం చెప్పకపోతే యంత్రం తనకు తోచిన చోట తెగ్గొడుతుంది. ఒకాయన కార్డులో సత్యనారాయణ SATYANA దగ్గరే ఆగిపోయాడు.

సంతకం దగ్గర జాగ్రత్త. బ్యాంకులో నమూనాగా ఉన్న పాత సంతకమే పెట్టాలి. కొత్త పేరుకు తగ్గట్టు సంతకం అందంగా మార్చి పెడితే సరిపోలలేదని పక్కన పెడతారు. పిన్ని తెలుగులో సంతకం చేస్తుంది, ఉత్తరమేమో ఇంగ్లీషులో ఉంది. అందుకని 'ఇందులోని విషయం నాకు తెలుగులో చదివి వినిపించారు, అర్థమైంది' అని అడుగున ఒక వాక్యం అడిగారు. అప్పటి నుంచి ఆ వాక్యం ఉత్తరంలో ముందే ఉంచుతున్నాను.

రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. ముద్ర వేయడానికి కొందరు మొహం చిట్లిస్తారు. అయినా నిలబడి వేయించుకోవలసిందే. ముద్ర పడిన తేదీ నుంచి 30 రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు చేయవచ్చు. ఉత్తరం చివర ఈ సంగతి ఒక్క వాక్యంలో, మర్యాదగా రాస్తాను. ఏడుగురిలో ఒక్కరికే అక్కడి దాకా వెళ్లవలసి వచ్చింది.

ఈ ఉత్తరం పనిచేయని చోట్లు కూడా ఉన్నాయి. ఆధార్‌లోనే పేరు తప్పుగా ఉంటే ముందు అక్కడ దిద్దించుకోవాలి. జీవితంలో పేరు రెండుసార్లే మార్చనిస్తారు కనుక ఆ అవకాశం తొందరపడి వాడకూడదు. ఖాతా దరఖాస్తులోనే తప్పు రాసి ఉంటే 'మీ పొరపాటు' అన్న వాదన నిలవదు. ఒకావిడ దరఖాస్తు తీయించి చూస్తే, పక్కన నిలబడ్డ కుర్రాడెవరో నింపిపెట్టిన కాగితంలోనే B ఉంది. ఆవిడ కార్డుకు రుసుము కట్టక తప్పలేదు. పిన్ని దగ్గర కోసిన రుసుము మాత్రం ఉత్తరం చూపించాక వెనక్కి వేశారు.

ఉత్తరంలో నేను వదిలేసిన లోపం ఒకటి మొన్న తెలిసింది. ఖాతాలో పేరు మారినా, పాత ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదు కాగితం మీద బరలక్ష్మి అలాగే ఉంది. గడువు తీరిన రోజున పిన్ని ముద్ర పడిన ఉత్తరం నకలు చూపించి డబ్బు తెచ్చుకుంది. అప్పటి నుంచి పాసుపుస్తకం, కార్డు అని రాసే చోట 'డిపాజిట్ రసీదులు' అని కూడా చేరుస్తున్నాను.