తమ్ముడూ, ట్రేడింగ్ మొదటి నెల డెలివరీనా, ఆప్షన్సా?

తమ్ముడూ, నీ 20,000 రూపాయలకు నేను పెట్టే మొదటి రూలు ఒకటే, ఒక్క ట్రేడ్‌లో 200కి మించి పోకూడదు. ఆ 200 దేంట్లో ఇముడుతుందో చూడు.

డెలివరీ, అంటే షేరు కొని రోజుల తరబడి ఉంచుకోవడం: 400 రూపాయల షేరు, స్టాప్‌లాస్, అంటే నష్టం ఆపడానికి అమ్మేసే ధర, 390. షేరుకు పోయేది 10, కాబట్టి 20 షేర్లు కొనొచ్చు, పెట్టుబడి 8,000.
ఆప్షన్: నిఫ్టీ కాల్ ధర, అంటే ప్రీమియం, 100 రూపాయలు, ఒక లాట్‌లో 65 యూనిట్లు అనుకుంటే 6,500. 200 దాటకూడదంటే స్టాప్‌లాస్ 3 పాయింట్లే. టీ తాగి వచ్చేలోపు ప్రీమియం 3 పాయింట్లు అటూ ఇటూ ఊగుతుంది, నువ్వు అనుకున్న దిశ సరైనదే అయినా బయటపడిపోతావు. స్టాప్ 20 పాయింట్లకు పెంచితే 1,300 రిస్క్, అలాంటివి నాలుగు తప్పితే అకౌంట్‌లో పావు వంతుకు పైగా పోతుంది.

టైమ్ సంగతి: షేరు నాలుగు రోజులు కదలకపోయినా నీ డబ్బు అక్కడే ఉంటుంది. ఆప్షన్‌కు మార్కెట్ కదలకపోయినా ప్రీమియం కరుగుతుంది, గడువు ముగిసే ఎక్స్‌పైరీ దగ్గర మరీ త్వరగా.

డెలివరీకీ ఒక గండం ఉంది. రాత్రి చెడ్డ వార్త వస్తే పొద్దున షేరు 375 దగ్గర తెరుచుకోవచ్చు, అప్పుడు 390 స్టాప్ నిన్ను కాపాడదు, 500 పోతుంది. అందుకే కంపెనీ ఫలితాల ముందు రోజు ఆ షేరు ఉంచుకోకు. మామూలు స్టాప్ ఆర్డర్ సాయంత్రానికి రద్దవుతుంది, మర్నాడు మళ్లీ పెట్టాలి.

ఉద్యోగం చేసుకుంటూ నేర్చుకునే నీకు ఈ నెల డెలివరీయే. ఇప్పటిలాగే నూటికి ఒక రూపాయి రిస్క్‌లోనే ఒక లాట్‌కు సరిపడా స్టాప్ పట్టేంత అకౌంట్ పెరిగినప్పుడు, స్క్రీన్ ముందు కూర్చునే తీరిక ఉంటేనే ఆప్షన్స్.