‘కారణం చెప్పగలిగితేనే మార్చు’: ఆరేళ్లు వాడాక

ఇది యాప్ సమీక్ష కాదు. "పైపైన కాస్త సరిచూడండి, తిరగరాయొద్దు" అని ఎవరైనా వ్యాసం పంపితే ఎంతవరకు చెయ్యి పెట్టాలో తేల్చుకోవడానికి నేను పెట్టుకున్న ఒక పద్ధతి గురించి. ఆరేళ్లుగా వాడుతున్నాను.

ముందు, ఎందుకు పెట్టుకోవాల్సి వచ్చిందో చెప్తాను. ఒకావిడ తాతగారి గురించి 1,200 మాటల జ్ఞాపకం రాసి ఇచ్చారు. నేను వర్డ్‌లో Track Changes పెట్టుకుని ఉత్సాహంగా దిద్దాను. పేజీ అంతా ఎర్రగా అయింది. ఆవిడ మొదటి పేరా చూసి, Reject All Changes నొక్కి, తన ప్రతినే అచ్చుకు పంపేశారు. నా సొంత అభిరుచితో చేసిన మార్పులతో పాటు నిజమైన అక్షరదోషాల దిద్దుబాట్లు కూడా పోయాయి. తప్పులన్నీ అలాగే అచ్చయ్యాయి. ఎక్కువ దిద్దితే రచయిత గొంతు పోతుందని అందరూ అంటారు గానీ, అవసరమైన దిద్దుబాట్లు కూడా ఆ గుంపులో పడి కొట్టుకుపోతాయని నాకు అప్పుడే తెలిసింది.

పద్ధతి ఇంతే. మొదటిసారి కీబోర్డు ముట్టుకోకుండా మొత్తం చదవాలి. రెండోసారి దిద్దాలి, కానీ ప్రతి మార్పుకీ "ఇది తప్పు, ఎందుకంటే..." అని ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. "ఇలా అయితే బాగుంటుంది" తప్ప ఇంకేమీ నోటికి రాకపోతే ఆ మార్పు చెయ్యకూడదు. చివర్లో No Markup పెట్టి శుభ్రమైన ప్రతి చదవాలి, ఎందుకంటే దిద్దేటప్పుడు మనం కొత్తగా చేసిన తప్పులు రంగుల మధ్య కనబడవు.

ఆ జ్ఞాపకంలోని ఈ వాక్యమే చూడండి: "తాత లాంతరు పట్టుకుని వెళ్లి, నీళ్లు ఉన్నాయో లేదో కాదు, అసలు బావి ఉందో లేదో చూసి వచ్చేది." అప్పట్లో నేను దీన్ని "తాత రాత్రివేళ లాంతరుతో వెళ్లి బావిలో నీళ్లు ఉన్నాయో లేదో చూసి వచ్చేవాడు" అని ‘బాగుచేశాను’. వాక్యం సాఫీగా ఉంది. ఆవిడ చమత్కారం మాత్రం చచ్చిపోయింది. ఇప్పుడు చూస్తే ఆవిడ వాక్యంలో తప్పు ఒక్కటే: తాతకి ‘వచ్చేది’ పొసగదు. మరి ‘వచ్చేవాడు’ అనాలా, ‘వచ్చేవారు’ అనాలా? మొదటి పేరాలో ఆవిడే "తాత అనేవారు" అని రాశారు కాబట్టి ‘వచ్చేవారు’. ఒక్క మాట మార్చి బయటికి రావాలి. మొదట మొత్తం చదవమన్నది ఇందుకే. సమాధానం చాలాసార్లు అదే వ్యాసంలో ఇంకోచోట ఉంటుంది.

"నేను తలుపు తీసి, గాలి లోపలికి వచ్చింది" లాంటివి కూడా నిస్సంకోచంగా మారుస్తాను. తీసింది నేను, వచ్చింది గాలి. కర్తలు వేరైనప్పుడు ‘తీసి’ కుదరదు, ‘తీయగానే’ అంటే సరిపోతుంది. ‘నీళ్ళు’, ‘నీళ్లు’ మాత్రం రెండూ వాడుకలో ఉన్నవే, అందుకని రచయిత ఎక్కువసార్లు ఏది రాస్తే మిగతావి దానికి కలుపుతాను, నా అలవాటుకి కాదు.

అర్థమే రెండు రకాలుగా ఉంటే దిద్దను, అడుగుతాను. "నాన్న బాబాయిని పిలిచి ఆయన పొలం అమ్మేయమన్నారు." ఎవరి పొలం? ఊహించి రాస్తే కుటుంబంలో గొడవే. పక్కన కామెంటు పెట్టి వదిలేస్తాను. కామెంట్లు పేజీకి రెండు మూడు దాటితే రచయితకు టెన్షన్ వస్తుంది, అది కూడా చూసుకోవాలి.

లోపాలూ ఉన్నాయి. మాట మళ్లీ మళ్లీ వచ్చినప్పుడు ఈ పద్ధతి పెద్దగా సాయపడదు. "చూశాడు. మళ్లీ చూశాడు" అన్నది కావాలని రాసిందో, అలవాటుగా దొర్లిందో కారణం చెప్పి తేల్చలేం. నేను అనుమానం ఉంటే వదిలేస్తున్నాను. అందులో కొన్నిసార్లు పొరపాటు కూడా పడ్డాను. రెండో లోపం ఇంకా పెద్దది: అడిగింది పైపై మెరుగే అయినా, వ్యాసానికి కావాల్సింది అది కాకపోవచ్చు. మూడో పేజీలో రావాల్సిన సంగతి ఏడో పేజీలో ఉంటే ఒత్తులు సరిచేసి ఏం లాభం? అలాంటప్పుడు చెప్పకుండా తిరగరాయడం, చూడనట్టు ఊరుకోవడం, రెండూ తప్పే. అడిగినంత చేసి ఇచ్చి, ఒక్క పేరాని మాత్రం వేరే ఫైల్లో నేనైతే ఎలా రాస్తానో రాసి, "మొత్తం ఇలా కావాలా?" అని అడుగుతున్నాను. ఎక్కువమంది వద్దనే అన్నారు. తాతగారి గురించి రాసినావిడ మాత్రం రెండేళ్ల తర్వాత ఇంకో వ్యాసం పంపుతూ, ఈసారి అలాంటి పేరా ఒకటి కూడా జతచేయమన్నారు.