కోర్-శాటిలైట్ పద్ధతి: ఆ 15 శాతం గీత నాకు ఎంతవరకు పనికొచ్చింది

ఇండెక్స్ ఫండ్ అంటే ఏంటో, దాంట్లో ఖర్చు ఎందుకు తక్కువో ఇక్కడ చదివేవాళ్లందరికీ తెలుసు, ఆ జోలికి పోను. 2019 నుంచి నా పొదుపులో 85 శాతం నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్‌లో ఉంటుంది, అది కోర్. మిగతా 15 శాతం నాకు నచ్చిన షేర్లలో పెడతాను, అది శాటిలైట్. మా అనంతపురం పక్క బుడ్డల చేనులో కంది సాళ్లు వేస్తారే, అట్లా. ఈ పద్ధతిలో నాకు ప్రాణంలాంటిది ఆ 15 దగ్గర ఉన్న గీత. శాటిలైట్ మొత్తం సగానికి పడిపోయినా నా డబ్బులో పోయేది ఏడున్నర శాతమే. ఆ లెక్క తెలుసు కాబట్టే 2020 మార్చిలో మార్కెట్ కూలినప్పుడు కూడా నిద్ర పట్టింది.

కానీ గీత అసలు పని చూపించింది పడినప్పుడు కాదు, పెరిగినప్పుడు. ఆ పతనం తర్వాత చిన్న కంపెనీల షేర్లు ఎట్లా లేచాయో గుర్తుండే ఉంటుంది. అర్థం కావడానికి గుండ్రటి అంకెల్లో చెప్తాను. ఎనిమిదిన్నర లక్షల కోర్ 9.7 లక్షలు అయింది. లక్షన్నర శాటిలైట్ 2.8 లక్షలు అయింది. అంటే పన్నెండున్నర లక్షల్లో శాటిలైట్ వాటా 22 శాతం దాటింది. నేనేమీ కొత్తగా కొనలేదు, వాటా దానంతట అదే పెరిగిపోయింది. శాటిలైట్ 20 దాటితే మళ్లీ 15కి తేవాలని మొదటే రాసి పెట్టుకున్నాను. అంటే 92 వేల పైచిలుకు అమ్మాలి. మా బావమరిదికి చెప్తే, "పెరిగేదాన్ని ఎవురన్నా అమ్ముతారా బావా?" అన్నాడు. అయినా అమ్మి, ఆ డబ్బు ఇండెక్స్ ఫండ్‌లో వేశాను. కొని ఏడాది దాటిన షేర్లే అమ్మాను. వాటిలో లాభం సుమారు 43 వేలు. దీర్ఘకాలిక లాభం ఏడాదికి లక్ష దాటితేనే అప్పట్లో పన్ను, కాబట్టి పైసా కట్టలేదు. 2024 జూలై నుంచి ఆ పరిమితి లక్షా పాతికవేలు, దాటినదానిపై పన్ను 12.5 శాతం. ఏడాది నిండకముందే అమ్మితే లాభంలో 20 శాతం పోతుంది. అందుకే గీత దాటగానే అమ్మకుండా ముందు కొన్న తేదీలు చూసుకుంటాను.

ఆ అమ్మకం తర్వాత కూడా ఒక కెమికల్ కంపెనీ షేరు 60 వేల రూపాయల మేర మిగిలి ఉండింది. కొన్నాళ్లకు ఆ కంపెనీ ఆడిటర్ రాజీనామా చేశాడన్న వార్త వచ్చింది. మర్నాడు పొద్దున తొమ్మిదింబావుకి మార్కెట్ తెరవగానే లోయర్ సర్క్యూట్, అంటే ఒక రోజులో పడనిచ్చే హద్దు దాకా షేరు పడిపోయింది. స్క్రీన్ మీద అమ్మేవాళ్ల పక్క లక్షల షేర్లు, కొనేవాళ్ల పక్క సున్నా. నా ఆర్డరు పెండింగ్‌లోనే ఉండి సాయంత్రానికి రద్దయింది. మర్నాడూ అంతే. స్టాప్‌లాస్ పెట్టుకున్నా కొనేవాడు లేనప్పుడు దానికి విలువ లేదు. రోజుకు 5 శాతమే కదా అనిపిస్తుంది గానీ, వరసగా పది రోజులు పడితే షేరు విలువ 40 శాతం కరిగిపోతుంది. కొనేవాళ్లు కనిపించిన రోజున అమ్మితే 36 వేలు చేతికొచ్చాయి.

పన్నెండున్నర లక్షల్లో ఆ 24 వేల నష్టం రెండు శాతం కూడా లేదు, నిజమే. అయినా దీని తర్వాత గీత మీద నా మెప్పు కొంచెం తగ్గింది. నష్టం నా మొత్తం డబ్బును ఎంత మేర ముంచగలదో అది చెప్తుంది, లోపల ఇరుక్కున్న షేరు నుంచి బయటికి మాత్రం తేలేదు. తగ్గించుకోవడానికి ఖాయంగా వీలుండేది పెరుగుతున్నప్పుడే, ఎందుకంటే కొనేవాళ్లు ఉండేది అప్పుడే. అప్పటి నుంచి ఇంకో నియమం పెట్టుకున్నాను: ఏ ఒక్క షేరూ మొత్తం డబ్బులో 3 శాతం మించకూడదు. శాటిలైట్ పడి వాటా 10కి దిగినా, దాన్ని నింపడానికి కోర్ నుంచి రూపాయి తీయను. నింపాలనిపిస్తే వచ్చే నెల జీతంలోంచే. శాటిలైట్‌లో బ్యాంకింగ్ ఫండ్ కూడా పెట్టను, నిఫ్టీ 50లో పెద్ద వాటా బ్యాంకులదే కాబట్టి అది కోర్‌నే రెండోసారి కొన్నట్టు.

ఇక రాబడి. రెండు భాగాలకూ ఎక్స్‌ఐఆర్‌ఆర్, అంటే డబ్బు వేసిన తేదీల ప్రకారం ఏడాది రాబడి, విడివిడిగా కట్టాలి, కలిపి కడితే శాటిలైట్ బాగోగులు కోర్ వెనక దాక్కుంటాయి. శాటిలైట్‌లో వేసిన ప్రతి రూపాయినీ అదే తేదీన ఇండెక్స్‌లో వేసి ఉంటే ఎంతయ్యేదో పక్కన రాసుకుంటాను. 2021 చివర్లో నా షేర్లు చాలా ముందుండేవి. ఇప్పుడు చూస్తే తేడా కొద్దిగానే ఉంది, వాటి కోసం కంపెనీ రిపోర్టులు చదివిన ఆదివారాలకు లెక్కలేదు.

మాది సీపీఎస్ ఉద్యోగం, పాత పింఛను లేదు. కానీ ఒకటో తారీఖున జీతం పడుతుంది, మా ఆవిడ కూడా సంపాదిస్తుంది, ఇంటి అప్పు తీరిపోయింది. ఇన్ని ఉన్నాయి కాబట్టి 15 నాకు సరిపోయింది. వానను నమ్ముకున్న సేద్యమో, ఆదాయం ఒక నెల ఉండి ఒక నెల లేని అంగడో ఉన్నవాళ్లయితే 5తో మొదలుపెట్టొచ్చు, లేదా మొత్తం ఇండెక్స్‌లోనే ఉంచుకోవచ్చు. అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజులు మొదలయ్యేలోపు నేనూ శాటిలైట్‌ని 10కి దించుతున్నాను, ఏటా పన్ను పరిమితి దాటనంత మేర అమ్ముకుంటూ.