రెండు ఉద్యోగాలు, ఒకే 20 గంటల పరిమితి: కోర్సు పొడవునా వాడిన షీటుపై సమీక్ష

బ్రిటన్‌లో స్టూడెంట్ వీసా మీద డిగ్రీ లేదా అంతకు పై కోర్సు చదివేవారు తరగతులు నడిచే కాలంలో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. ఒకే చోట పని చేసేవారికి ఇది పెద్ద లెక్క కాదు. రోటా వేసే మేనేజరు దగ్గర మన టర్మ్ తేదీల కాగితం ఉంటుంది కాబట్టి ఆయనే 20 దాటకుండా చూస్తాడు. రెండు చోట్ల చేసేవారికే చిక్కు. సూపర్ మార్కెట్ వారికి కేర్ హోం గంటలు తెలియవు, కేర్ హోం వారికి సూపర్ మార్కెట్ గంటలు తెలియవు. రెండింటినీ కలిపి చూడగలిగేది మనం ఒక్కరమే. ఎక్కువైతే వీసాకు వచ్చే ముప్పు కూడా మనదే.

2025 జనవరిలో మాస్టర్స్‌లో చేరినప్పటి నుంచి కోర్సు ముగిసేవరకు నేను ఈ లెక్కను గూగుల్ షీట్స్‌లో సొంతంగా తయారు చేసుకున్న ఒక షీటులో నడిపాను. దానికి ముందు ఫోను క్యాలెండరులో షిఫ్టులు రాసుకునేదాన్ని. అందులో ఏ రోజు ఎక్కడికి వెళ్లాలో కనిపిస్తుంది కానీ కూడిక ఉండదు. ఉద్యోగమిచ్చిన వారి రోటా యాప్‌లు కూడతాయి, అయితే తమ గంటలనే కూడతాయి. పైగా వారి వారం మన వారం కాదు. సూపర్ మార్కెట్ వారి జీతం వారం ఆదివారం మొదలై శనివారం ముగిసేది. కేర్ హోం వారు నెల మధ్య నుంచి మధ్యకు లెక్క కట్టేవారు. వీసా నిబంధనలో వారం అంటే సోమవారం మొదలయ్యే ఏడు రోజులు. అందువల్ల రెండు పే స్లిప్పులను పక్కపక్కన పెట్టుకున్నా ఏ వారం ఎన్ని గంటలు చేశామో తేలదు.

షీటు నిర్మాణం చాలా చిన్నది. ఒక్కో షిఫ్టుకు ఒక్కో వరుస. A లో మొదలైన తేదీ, సమయం. B లో ముగిసిన తేదీ, సమయం. C లో ఏ ఉద్యోగం. తేదీని, సమయాన్ని ఒకే గడిలో కలిపి రాయడం ముఖ్యం, ఎందుకంటే రాత్రి షిఫ్టు ఒక తేదీన మొదలై మరో తేదీన ముగుస్తుంది. D లో ఆ షిఫ్టు మొదలైన వారపు సోమవారం, E లో ఆ వారంలో పడే గంటలు, F లో తర్వాతి వారంలోకి జారే గంటలు వస్తాయి. G సాధారణంగా ఖాళీగానే ఉంటుంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

```
D2: =INT(A2)-WEEKDAY(A2,3)
E2: =24*(MIN(B2,D2+7)-A2)+G2
F2: =24*(B2-A2)+G2-E2
```

పక్కన H నిలువు వరుసలో కోర్సు కాలంలోని సోమవారాలన్నీ ఒకదాని కింద ఒకటి రాసి, ప్రతి వారానికి మొత్తం ఇలా తీస్తాను:

```
I2: =ROUND(SUMIF(D:D,H2,E:E)+SUMIF(D:D,H2-7,F:F),2)
```

ROUND ఎందుకంటే, షీటు సమయాన్ని రోజులో భాగంగా దాచుకుంటుంది. 24తో గుణించినప్పుడు సరిగ్గా 20 రావలసిన చోట దశాంశాల చివర ఎక్కడో ఒక చిన్న తోక మిగిలి, అకారణంగా గడి ఎర్రబడవచ్చు. పరిమితిని నేను సూత్రంలో రాయలేదు. J లో వారం వారం విడిగా 20 అని పెట్టుకున్నాను. I విలువ J కన్నా పెరిగితే గడి ఎర్రగా మారాలని ఒక షరతు పెట్టాను. షీటు అంటే ఇంతే.

దీని విలువ తెలియాలంటే ఆ అక్టోబరు లెక్క చూడాలి. 13వ తేదీ సోమవారం మొదలైన వారంలో సూపర్ మార్కెట్‌లో మంగళ, గురువారాల్లో సాయంత్రం 5 నుంచి 9 వరకు, అంటే 8 గంటలు. 19వ తేదీ ఆదివారం రాత్రి 8 నుంచి సోమవారం ఉదయం 8 వరకు కేర్ హోంలో రాత్రి షిఫ్టు. మరుసటి వారం కూడా సూపర్ మార్కెట్‌లో అవే రెండు సాయంత్రాలు. ఇంతలో కేర్ హోం మేనేజరు ఫోను చేసి, 25వ తేదీ శనివారం రాత్రికి మనిషి లేరు, వస్తారా అని అడిగారు. నాతో గదిలో ఉండే గుంటూరు అమ్మాయి వేళ్ల మీద లెక్క వేసి చెప్పింది: "మొదటి వారం 8, 12 కలిపి 20. రెండో వారం కూడా 8, 12 కలిపి 20. సరిగ్గా సరిపోయింది కదా అక్కా, ఒప్పేసుకో."

షిఫ్టు మొదలైన రోజును బట్టి లెక్క వేస్తే ఆమె మాట నిజమే. కానీ ఆదివారం రాత్రి షిఫ్టులో అర్ధరాత్రి వరకు పడేవి 4 గంటలే. మిగిలిన 8 సోమవారంలోకి, అంటే తర్వాతి వారంలోకి వెళ్తాయి. కాబట్టి మొదటి వారం నిజంగా చేసినది 12. రెండో వారం మాత్రం పుట్టుకతోనే 8 గంటలు మోసుకొచ్చింది. దానికి సూపర్ మార్కెట్ 8 కలిపితే 16. ఇక శనివారం రాత్రి 12 కలిస్తే 28. ఆ వరుసను షీటులో వేయగానే గడి ఎర్రబడింది.

అక్కడితో అయిపోలేదు. అక్టోబరు ఆఖరి ఆదివారం తెల్లవారుజామున 2 గంటలకు బ్రిటన్‌లో గడియారాలను ఒక గంట వెనక్కి జరుపుతారు. 2025లో అది 26వ తేదీ. కాబట్టి ఆ శనివారం రాత్రి 8కి మొదలై ఉదయం 8కి ముగిసే షిఫ్టు నిజానికి 13 గంటలు. గోడ మీద గడియారంలాగే షీటు కూడా 12 అనే అంటుంది, దానికి ఆ గంట సంగతి తెలియదు. G గడి అందుకోసమే. అక్కడ 1 వేస్తే మొత్తం 29 అవుతుంది. మార్చి ఆఖరి ఆదివారం గడియారం ముందుకు జరిగినప్పుడు అదే గడిలో -1 వేయాలి. ఆ పదమూడో గంటకు జీతం ఎలా కడతారన్నది ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. నా లెక్కలో మాత్రం చేసిన గంట చేసినట్టే. ఆ షిఫ్టుకు రాలేనని చెప్పాను. రెండు వారాల సగటు తీసుకుంటే సరిపోతుంది కదా అని ఆ గుంటూరు అమ్మాయి వాదించింది. బ్రిటన్ నిబంధనలో సగటుకు చోటు లేదు. ఈ వారం 12 చేశానని వచ్చే వారం 28 చేయడానికి వీలుండదు.

ఈ ఒక్క లెక్క చూశాక నా వాడకం పద్ధతి కూడా స్థిరపడింది. అయిపోయిన షిఫ్టులు రాసుకోవడానికి షీటు ఎవరికైనా పనికొస్తుంది, కానీ దాని అసలు ఉపయోగం ఒప్పుకోక ముందు. ఫోను వస్తే "పది నిమిషాల్లో చెబుతాను" అని, ఆ షిఫ్టును ముందు షీటులో వేసి చూసి, తర్వాతే జవాబిచ్చేదాన్ని. షిఫ్టు అయ్యాక అనుకున్న ముగింపు సమయం తీసేసి అసలు సమయం రాయాలి. కేర్ హోంలో పొద్దున వచ్చేవారు ఆలస్యమైతే మనం కదలలేం, అప్పగింత పూర్తయ్యేసరికి అరగంట గడిచిపోతుంది. అందుకే నేను 20కి 20 నింపడం మానేసి, J లో 20 ఉంచినా మనసులో 19 దగ్గరే ఆగేదాన్ని. జీతం లేని విరామాన్ని కూడా తీసేయకుండా షిఫ్టు మొత్తాన్నీ లెక్కించాను. ఇంట్లో కూర్చుని చేసిన ఆన్‌లైన్ శిక్షణ గంటలకూ ఒక వరుస పెట్టాను. జీతం లేని పని కూడా ఈ పరిమితిలోకే వస్తుంది కాబట్టి, "ఒక పూట ఊరికే చేసి చూపించండి" అని పిలిచే చోట్లను అసలు లెక్కలోంచి తప్పించలేం.

J లో వారానికో పరిమితి విడిగా పెట్టుకోవడానికి కారణం సెలవులు. విశ్వవిద్యాలయం అధికారికంగా సెలవు అని ప్రకటించిన కాలంలో ఈ 20 పరిమితి ఉండదు, పూర్తి సమయం చేయవచ్చు. అయితే మాస్టర్స్ వారికి వేసవి సెలవు అనుకోవడం మన దగ్గర చాలా మందిలో ఉన్న అపోహ. డిసర్టేషన్ రాసే ఆ నెలలు సాధారణంగా చదువు కాలంగానే లెక్క. తరగతులు లేకపోవడం, సెలవు కావడం ఒకటి కాదు. మా విశ్వవిద్యాలయం తేదీల కాగితం చూసి, క్రిస్మస్, ఈస్టర్ వారాల్లో తప్ప అంతటా 20 అనే ఉంచాను. సెలవు వారం మధ్యలో మొదలైతే ఆ వారానికీ 20 వదల్లేదు.

ఇక విసిగించిన విషయాలు. కొత్త షీటు తెరిచినప్పుడు File > Settings లో Locale ఏముందో తప్పక చూడాలి. అది United States అయితే 03/11/2025 అని మనం నవంబరు 3 రాస్తే మార్చి 11గా తీసుకుంటుంది, ఏ హెచ్చరికా ఇవ్వదు. పసిగట్టే గుర్తు ఒకటుంది: 13/11/2025 లాంటి తేదీ గడిలో కుడివైపు కాకుండా ఎడమవైపుకు అంటుకుని ఉంటే, దాన్ని తేదీగా కాక ఉత్త అక్షరాలుగా చూస్తోందన్న మాట. United Kingdom పెట్టుకుంటే ఈ బెడద పోతుంది.

ఫోనులో రెండు గడులకూ తేదీ, సమయం కొట్టడం చలికాలంలో బస్టాపులో నిలబడి చేసే పని కాదు. గూగుల్ ఫారంతో నింపితే సులువవుతుందని దాన్నీ జోడించి చూశాను. ఫారం నుంచి వచ్చే ప్రతి జవాబూ కొత్త వరుసగా చేరుతుంది కానీ పై సూత్రాలు దానికి వాటంతటవే పాకవు. ARRAYFORMULA వాడదామంటే MIN వరుస వరుసకూ విడిగా లెక్కించకుండా మొత్తం నిలువు వరుసలోంచి ఒక్క అంకె తీసి ఇస్తుంది. IF తో తిరగరాస్తే పని జరుగుతుంది. నాకు ఓపిక లేక ఫారం తీసేశాను.

ఇంకొక పరిమితి, మనం రాసినదే షీటుకు తెలుస్తుంది. అందుకే జీతం వచ్చిన ప్రతిసారీ ఆ కంపెనీ జీతం కాలానికి సరిపడే తేదీల వరుసలను C ప్రకారం వడకట్టి, పే స్లిప్‌లోని గంటలతో పోల్చేదాన్ని. విరామాల మేరకు తేడా రావడం సహజం. ఒక పూట మొత్తం తేడా వస్తే మాత్రం ఒక వరుస రాయడం మరిచామో, వారు ఒక షిఫ్టుకు డబ్బు ఎగ్గొట్టారో తేలుతుంది. నాకు రెండోది ఒకసారి ఇలాగే బయటపడి, అడిగితే తర్వాతి నెలలో కలిపి ఇచ్చారు. పరిమితి కోసం మొదలుపెట్టిన షీటు అలా జీతానికీ కాపలా కాసింది.

మెల్‌బోర్న్‌లో చదువుతున్న మా పిన్ని కొడుకు ఈ షీటు అడిగి తీసుకున్నాడు. ఆస్ట్రేలియాలో చదువు కాలపు పరిమితి పక్షానికి 48 గంటలు. పక్షం అంటే ఏ సోమవారం నుంచైనా లెక్కించే 14 రోజులు కాబట్టి, జంటలుగా విడగొట్టి చూస్తే చాలదు, ప్రతి వారాన్నీ దాని ముందు వారంతోనూ, తర్వాతి వారంతోనూ కలిపి చూడాలి. దానికి వాడు చేర్చినది ఒక్క నిలువు వరుస, K3 లో =I2+I3 అని రాసి కిందికి లాగి, 48 దాటితే ఎర్రబడేలా పెట్టుకున్నాడు.