మాత్రా, క్యాప్సూలా: మింగలేని మనిషికి ఏది మేలు?

"అత్తయ్యకి మాత్ర మింగుడు పడట్లేదండీ, నలిపి తేనెలో కలిపి ఇవ్వొచ్చా?" అని ఒక కోడలు మందుల షాపుకు వాట్సాప్‌లో ఫొటో పంపిందనుకుందాం. అరచేతిలో పసుపు రంగు మాత్ర ఒకటి, అంతే. ఎసిడిటీ మందు అని ఆవిడ చెబుతోంది. నలపొచ్చా లేదా అన్నది మందు పేరుతోనే తేలదు, అది ఏ రూపంలో ఉందో కూడా తెలియాలి. మరి ఫొటో చూసి రూపం చెప్పగలమా?

గట్టి క్యాప్సూల్‌ని గుర్తుపట్టడం తేలిక. అది రెండు ముక్కల గొట్టం, ఒక ముక్క రెండోదాని మీదికి మూతలా ఎక్కి ఉంటుంది. అందుకే నడుము దగ్గర చుట్టూ సన్నని మెట్టు కనిపిస్తుంది. సాఫ్ట్‌జెల్‌కి ఆ మూత ఉండదు. తొడుగు అంతా ఒకటే, మెరుస్తూ ఉంటుంది, అతుకు కనిపిస్తే నిలువుగా కనిపిస్తుంది. చేపనూనె, విటమిన్ ఇ లాంటివి వెలుతురుకు ఎదురుగా పెట్టి ఫొటో తీస్తే లోపలి నూనె గుండా కాంతి దూరి వస్తుంది. మాత్రలోంచి వెలుతురు రాదు. పొడుగ్గా ఉండే పారాసెటమాల్ 650ని చాలామంది క్యాప్సూల్ అంటారు కానీ, నడుము చుట్టూ మూత మెట్టు లేదు కాబట్టి అది మాత్రే.

చిక్కంతా ఎంటరిక్ కోటింగ్ మాత్రతోనే. రుచి కోసం, రంగు కోసం వేసే మామూలు పూతకీ, కడుపులో కరగకుండా వేసే ఈ పూతకీ బయటికి తేడా తెలియదు. రెండూ నున్నగానే ఉంటాయి. విరిచి ఫొటో తీసినా తెల్లటి పొడి చుట్టూ రంగు అంచు కనిపిస్తుంది, అంటే పూత ఉందని తెలుస్తుంది, ఏ పూతో తెలియదు. మధ్యలో విరుపు గీత లేకపోవడం కూడా రుజువు కాదు. కాబట్టి విడి మాత్ర ఫొటో ఎంత స్పష్టంగా ఉన్నా నేను దాన్ని నమ్మను. స్ట్రిప్ వెనకవైపు ఫొటో అడగాలి. అక్కడ మందు పేరు పక్కన 'గ్యాస్ట్రో-రెసిస్టెంట్' అనో, 'ఎంటరిక్ కోటెడ్' అనో రాసి ఉంటుంది. మాత్రలు ఒక్కొక్కటిగా కత్తిరించి కొనుక్కునే ఇళ్లలో ఆ ముక్కే పోతుంది, అదే బాధ.

ఆ పసుపు మాత్ర స్ట్రిప్ మీద పాంటోప్రజోల్ 40, గ్యాస్ట్రో-రెసిస్టెంట్ అని ఉందనుకోండి. పాంటోప్రజోల్ కడుపులోని ఆమ్లం తగిలితే పాడైపోయే మందు. పూత దాన్ని చిన్నపేగు దాకా దాటించాలి, అక్కడ ఆమ్లం తగ్గాక కరగాలి. నలిపితే ఆ కాపు పోతుంది. ఒంట్లో విషమేమీ అవ్వదు కానీ చాలావరకు మందు పనిచేయకుండా పోతుంది. మంట అలాగే ఉంటుంది, ఇంట్లో వాళ్లు ఈ మందు పడలేదనుకుంటారు, నలిపిన సంగతి డాక్టరుకి ఎవరూ చెప్పరు.

అలాంటప్పుడు ఒమెప్రజోల్ 20 క్యాప్సూల్ మేలు. అదీ ఆమ్లానికి ఆగని మందే, కానీ ఇక్కడ పూత క్యాప్సూల్ మీద కాదు, లోపలి సగ్గుబియ్యంలాంటి చిన్న గుళికల మీద ఉంటుంది. తొడుగు సగం పారదర్శకంగా ఉంటే గుళికలు ఫొటోలోనే కనిపిస్తాయి. క్యాప్సూల్ విప్పి, గుళికల్ని ఒక చెంచా చల్లని ఆపిల్ గుజ్జులో వేసి, నమలకుండా వెంటనే మింగించి నీళ్లు తాగించాలి. పాలల్లో వద్దు, పాలకు పులుపు లేదు కాబట్టి పూత ముందే కరగడం మొదలవుతుంది. ఏది పెట్టినా నమిలే అలవాటున్న పెద్దవాళ్లకు మాత్రం ఇది కూడా సరిపోదు. మందు మార్చడం డాక్టరు చేయాల్సిన పని, కానీ "మింగలేకపోతున్నారు" అని ఆయనకు చెప్పాల్సింది ఇంట్లోవాళ్లే.

సాఫ్ట్‌జెల్‌ని పిన్నుతో పొడిచి నూనె పిండే వాళ్లున్నారు. ఎంత లోపల మిగిలిందో తెలియదు. వారానికొకసారి వేసుకునే విటమిన్ డి 60,000 యూనిట్ల మందు పొడి ప్యాకెట్‌గా కూడా దొరుకుతుంది, అదే అడగడం నయం.

ఆస్పిరిన్ 75 సంగతి వేరు. దాని పూత ఉన్నది మందును కాపాడడానికి కాదు, కడుపు గోడకు మందు నేరుగా తగలకుండా. అందుకే రోజూ వేసుకునేటప్పుడు నలపకుండా మింగాలి. గుండెపోటు అనుమానంతో డాక్టరో 108 వాళ్లో ఆస్పిరిన్ వేయమన్నప్పుడు మాత్రం నమలమంటారు, ఎందుకంటే పూత కరిగే దాకా ఆగే టైమ్ అప్పుడు ఉండదు.